తల మీద పొట్టు, మధ్యలో ఖాళీ: చుండ్రా, సోరియాసిసా, తామరా?

పోయిన వానాకాలం ఒక పెద్దావిడ తన ఆరేళ్ల మనవడిని మా ల్యాబ్‌కి తీసుకొచ్చింది. చర్మవ్యాధుల డాక్టరు రాసిన చీటీ చేతిలో ఉంది. పిల్లాడి తలకు కుడివైపు, చెవి పైన, పది రూపాయల బిళ్ల కన్నా కాస్త పెద్ద మచ్చ. అక్కడ జుట్టు పలచబడి, బూడిద రంగు పొట్టు లేస్తోంది.

"ఎన్నాళ్లయింది పెద్దమ్మా?" అని అడిగాను.

"రెండు నెలలు దాటింది బాబూ. ముందు చుండ్రు అన్నారు, షాంపూ పెట్టాం. తర్వాత పేనుకొరుకుడు అన్నారు, ఉల్లిపాయ రుద్దాం. మందుల షాపులో ఏదో ట్యూబ్ ఇస్తే రాశాం. పది రోజులు తగ్గినట్టే ఉంది, మానేయగానే ఇంత పెద్దదైంది."

చర్మవ్యాధుల ల్యాబ్‌లో టెక్నీషియన్‌గా పనిచేస్తూ నేను చాలామంది దగ్గర విన్న కథే ఇది. అందరూ చేసే పొరపాటు ఒక్కటే. రాలే పొట్టును చూసి జబ్బు పేరు పెట్టేస్తారు. పొట్టు చుండ్రులోనూ రాలుతుంది, సోరియాసిస్‌లోనూ రాలుతుంది, తలకు తామర వచ్చినా రాలుతుంది. వెంట్రుక మాత్రం ఒక్కో జబ్బులో ఒక్కో రకంగా ఉంటుంది. అందుకే ముందు వెంట్రుకను చూడాలి. ఇంట్లో ఎవరైనా చూసుకోగలిగే వరస కింద రాస్తున్నాను.

చూసే ముందు

రెండు రోజులు తలకు నూనె పెట్టొద్దు. నూనె రాస్తే పొట్టు చర్మానికి అతుక్కుని అసలు రంగు కనిపించదు. ముందు రోజు మామూలు షాంపూతో తలస్నానం చేయించి, మర్నాడు పగటి వెలుతురులో, కిటికీ దగ్గర కూర్చోబెట్టండి. దువ్వెన తోకతో పాయలు తీస్తూ తలంతా చూడండి. ఒక్క మచ్చ కనిపించగానే ఆగిపోవద్దు, రెండోది చెవి వెనకో మెడ దగ్గరో దాక్కుని ఉండొచ్చు. ఫోన్ కెమెరాలో ఫ్లాష్ వేసి, జూమ్ చేసి ఫొటో తీసుకుంటే కంటికి ఆనని చిన్న చిన్న మొదళ్లు కూడా కనిపిస్తాయి. ఆ ఫొటోను తేదీతో దాచుకోండి. నెల తర్వాత మచ్చ పెరిగిందో తగ్గిందో తేల్చడానికి అదే ఆధారం.

ఇంకో మాట. డాక్టరు దగ్గరకు వెళ్లేముందు గుండు కొట్టించొద్దు. "గుండు చేయిస్తే అదే పోతుంది" అని పెద్దవాళ్లు అంటారు గానీ, తామర వెంట్రుక లోపల, కుదురు దాకా ఉంటుంది. పైన గొరిగితే పోదు. పైగా పరీక్షకు కావాల్సిన విరిగిన మొదళ్లు మాకు దొరక్కుండా పోతాయి. ఆ కత్తి నుంచి ఇంకొకరికి అంటుకునే ప్రమాదం కూడా ఉంది.

మొదటి అడుగు: ఖాళీలో వెంట్రుక ఎలా ఉంది?

జుట్టు పలచబడిన చోట వేలితో మెల్లగా నిమరండి.

గరుగ్గా, రెండు రోజుల గడ్డంలా తగిలితే వెంట్రుకలు మధ్యలో విరిగిపోయాయని అర్థం. కొందరిలో చర్మం మట్టానికే తెగి, నల్ల చుక్కలు పెట్టినట్టు కనిపిస్తాయి. మరికొందరిలో రెండు మూడు మిల్లీమీటర్ల ఎత్తున, బూడిద పూసినట్టు ఉంటాయి. ఇది తామర గుర్తు. తామర ఫంగస్ వెంట్రుకను తయారుచేసే కెరాటిన్‌నే తిని బతుకుతుంది. లోపల గుల్ల చేసేసరికి వెంట్రుక నిలబడలేక విరుగుతుంది. ట్వీజర్‌తో పట్టి లాగితే నొప్పి లేకుండా ఇట్టే ఊడి వస్తుంది.

నున్నగా, అరచేతిలా తగిలి, పొట్టు గానీ ఎరుపు గానీ లేకపోతే అది పేనుకొరుకుడు. పేరులో పేను ఉంది గానీ పేలకూ దీనికీ సంబంధమే లేదు. మన ఒంటి రోగనిరోధక వ్యవస్థే పొరపాటున కుదుళ్ల మీద పడటం వల్ల జుట్టు గుండ్రంగా రాలుతుంది. ఇది పై మూడింటిలోదీ కాదు, కానీ మన ఇళ్లలో తామరకు కూడా ఇదే పేరు పెట్టేస్తారు కాబట్టి చెప్పాల్సి వస్తోంది. గుర్తు తేలికే: పొట్టు ఉంటే పేనుకొరుకుడు అనుకోవద్దు. దానికి గురివింద గింజ అరగదీసి పూసే అలవాటు కొన్నిచోట్ల ఇంకా ఉంది. గురివింద గింజలో ప్రాణం తీసేంత విషం ఉంది. పిల్లలున్న ఇంట్లో ఆ పని అసలు చేయొద్దు. వెల్లుల్లి రుద్దినా చర్మం కాలి బొబ్బలెక్కుతుంది.

మందపాటి పెచ్చు కట్టి, దాని మధ్యలోంచి వెంట్రుకలు పూర్తి పొడవుతో, విరక్కుండా వస్తుంటే సోరియాసిస్‌ను అనుమానించాలి. ఇందులో జుట్టు ఊడేది ఎక్కువగా గోకడం వల్ల, పెచ్చును బలవంతంగా లాగడం వల్ల. పెచ్చుతోపాటు వెంట్రుకలు గుత్తిగా వచ్చేస్తాయి. జబ్బు అదుపులోకి వస్తే దాదాపు ఎప్పుడూ తిరిగి మొలుస్తాయి.

చుండ్రులో వెంట్రుకకు ఏమీ కాదు. గోకితే నాలుగు వెంట్రుకలు ఎక్కువ రాలొచ్చు గానీ చుండ్రు వల్ల గుండ్రటి ఖాళీ ఏర్పడదు. చుండ్రు ఉండి, తలంతా సమానంగా జుట్టు పలచబడుతుంటే ఆ పలచదనానికి వేరే కారణం వెతకాలి: రెండు మూడు నెలల కింద వచ్చిన గట్టి జ్వరం, కాన్పు, రక్తహీనత, థైరాయిడ్, వంశపారంపర్యం. చుండ్రు ఒక్కటీ తగ్గిస్తే జుట్టు ఒత్తుగా వస్తుందని ఎదురుచూడటం వృథా.

ఖాళీ మెరుస్తూ, కుదుళ్ల రంధ్రాలే కనిపించకుండా ఉంటే అది కుదుళ్లు చచ్చిపోయే రకం. ఇంట్లో ఏదీ ప్రయత్నించకుండా ఆ వారమే డాక్టరుకు చూపించండి. అక్కడ పోయిన జుట్టు తిరిగి రాదు, పక్కనున్నదాన్ని కాపాడుకోవాలి.

రెండో అడుగు: పొట్టు ఎలాంటిది, ఎక్కడ ఆగింది?

చుండ్రు పొట్టు సన్నగా, తెల్లగా లేదా కాస్త పసుపుగా, జిడ్డుగా ఉంటుంది. దువ్వగానే భుజాల మీద రాలుతుంది. తలంతా పరుచుకుంటుంది, ఇక్కడ మొదలై ఇక్కడ ఆగిందని గీత గీసి చూపించలేం.

సోరియాసిస్‌కు గట్టు ఉంటుంది. ఎర్రటి లేదా ఊదారంగు చర్మం మీద అభ్రకం రేకుల్లా వెండి మెరుపుతో పెచ్చులు పేరుకుంటాయి. వేలితో తడిమితే ఎక్కడ మొదలైందో తెలిసిపోతుంది. మన చామనఛాయ చర్మం మీద ఎరుపు అంతగా కనిపించదు. అందుకని రంగుకన్నా మందాన్నీ గట్టునూ నమ్మండి. ఇంకో మంచి గుర్తు, అది జుట్టు అంచు దాటి నుదుటి మీదికి, చెవుల వెనక్కి, మెడ మీదికి ఒక అంగుళం దాకా వస్తుంది. పెచ్చు తీస్తే సూదితో గుచ్చినట్టు రక్తపు చుక్కలు కనిపిస్తాయి. ఇది తెలుసుకోవడానికి మాత్రం పెచ్చు గిల్లకండి. సోరియాసిస్‌లో గాయమైన చోటే కొత్త మచ్చ లేవచ్చు.

తామర పొట్టు పొడిగా, బూడిద రంగులో, ఒకటో రెండో మచ్చలకే పరిమితమై ఉంటుంది. ఒక్కోసారి తలంతా సన్నగా రాలి అచ్చం చుండ్రులాగే మోసం చేస్తుంది. అప్పుడు పట్టిచ్చేది విరిగిన వెంట్రుకలే.

మూడో అడుగు: తల వదిలి మిగతా ఒళ్లు చూడండి

చుండ్రు ముదిరితే కనుబొమల్లో, ముక్కు పక్క మడతల్లో, చెవి వెనక కూడా జిడ్డు పొట్టు లేస్తుంది. సోరియాసిస్ ఉన్నవాళ్ల మోచేతులు, మోకాళ్లు, బొడ్డు, పిరుదుల మధ్య చీలిక చూడాలి. గోళ్లు తప్పకుండా చూడాలి: చిన్న చిన్న గుంటలు, గోరు కింద నూనె చుక్క పడినట్టు పసుపు మచ్చ, గోరు చివర చర్మం నుంచి విడిపోవడం. పొద్దున లేవగానే వేళ్లు బిగుసుకుపోయి అరగంటకు గానీ సర్దుకోకపోతే ఆ సంగతి డాక్టరుకు విడిగా చెప్పండి. సోరియాసిస్ కీళ్లకు కూడా పాకుతుంది.

తామర అనుమానమైతే మెడ వెనక, చెవుల వెనక తడమండి. శనగగింజంత బిళ్లలు కట్టి ఉండొచ్చు. (పేలు పట్టి పుండ్లు పడ్డా బిళ్లలు కడతాయి, కాబట్టి పేలు, ఈపులు కూడా చూడండి. ఈపి వెంట్రుకకు అతుక్కుని దులిపితే రాలదు, చుండ్రు రాలుతుంది.) తర్వాత ఇంట్లో మిగతా పిల్లల తలలు చూడండి. తల్లి చేతి మీదో మెడ మీదో గుండ్రటి తామర ఉందేమో, ఇంట్లో పిల్లికో కుక్కకో బొచ్చు ఊడుతోందేమో అడగండి. చుండ్రు, సోరియాసిస్ ఒకరి నుంచి ఒకరికి అంటవు. తామర అంటుతుంది. దువ్వెన, తువ్వాలు, టోపీ, దిండు గలీబు, క్షౌరం మెషిన్ చాలు.

నాలుగో అడుగు: వయసు అడగండి

చుండ్రుకు కారణమయ్యే ఈస్ట్ అనే ఫంగస్ మన తల మీది జిడ్డును తిని బతుకుతుంది. ఆ జిడ్డు ఊరడం పెరిగేది యుక్తవయసు దగ్గరపడ్డాకే. పాలు తాగే పసిపిల్లల నెత్తి మీద పసుపు పెచ్చులు రావడం వేరే సంగతి, అవి వాటంతట అవే పోతాయి. కానీ మూడేళ్ల నుంచి పదేళ్ల లోపు పిల్లలకు చుండ్రు అరుదు. ఆ వయసులో పొట్టుతోపాటు జుట్టు ఊడితే, పరీక్షలో కాదని తేలేవరకూ తామరే అనుకోవాలి. ఆ ఆరేళ్ల పిల్లాడి విషయంలో మొదటి రోజే ఈ ఒక్క ప్రశ్న వేసుకుని ఉంటే రెండు నెలలు మిగిలేవి. పెద్దవాళ్లలో తల తామర తక్కువే గానీ లేకపోలేదు, ముఖ్యంగా ఆ జబ్బున్న పిల్లలను సాకే ఆడవాళ్లలో.

చుండ్రు అనిపిస్తే: నాలుగు వారాల పరీక్ష

ఇది పెద్దవాళ్లకు, అదీ ఖాళీ మచ్చలు లేనివాళ్లకు మాత్రమే. కీటోకొనజోల్ 2 శాతం షాంపూను వారానికి రెండుసార్లు వాడండి. చాలామంది రాసి వెంటనే కడిగేస్తారు, దాంతో మందు పనిచేసే వ్యవధే ఉండదు. జుట్టుకు కాకుండా చర్మానికి పట్టేలా వేళ్లతో రుద్ది, ఐదు నిమిషాలు ఆగి కడగాలి. మిగతా రోజుల్లో మామూలు షాంపూ వాడొచ్చు. రాత్రంతా నూనె పెట్టుకుని పడుకునే అలవాటును ఈ నాలుగు వారాలు ఆపండి. పొట్టు గట్టిగా ఉంటే అరగంట ముందు కొంచెం నూనె రాసి, మెత్తబడ్డాక షాంపూతో పూర్తిగా కడిగేయండి.

నాలుగు వారాల్లో బాగా తగ్గితే అది చుండ్రే. ఆ తర్వాత వారానికో రెండు వారాలకో ఒకసారి వాడుతూ ఉండాలి. ఆ ఈస్ట్ అందరి తల మీదా ఉండేదే, పూర్తిగా పోదు కాబట్టి చుండ్రు మళ్లీ వస్తుంది. మళ్లీ వచ్చిందని మందు పనిచేయలేదనుకోవద్దు. నాలుగు వారాలైనా కదలకపోతే మాత్రం షాంపూలు మారుస్తూ పోకుండా చర్మ డాక్టరుకు చూపించండి.

సోరియాసిస్ అనిపిస్తే

దీన్ని డాక్టరే తేల్చాలి, కొన్నిసార్లు చిన్న ముక్క తీసి బయాప్సీ కూడా చేయాల్సి వస్తుంది. చుండ్రుకూ సోరియాసిస్‌కూ మధ్యలో ఊగే కేసులు కూడా ఉంటాయి. చికిత్సలో వరస ముఖ్యం. ముందు పెచ్చు మెత్తబడి ఊడాలి, తర్వాతే మందు చర్మానికి అందుతుంది. సాలిసిలిక్ యాసిడ్ కలిసిన మందు రాత్రి రాయమని, కోల్ తార్ షాంపూ వాడమని చెప్తారు. ఆ తర్వాత స్టెరాయిడ్ లోషన్. గాఢమైన స్టెరాయిడ్ అయితే సాధారణంగా రెండు నుంచి నాలుగు వారాలే. పాయ తీసి చర్మం మీద చుక్కలుగా వేయాలి, జుట్టుకు పూస్తే లాభం లేదు.

ఒక్క విషయంలో మాత్రం చాలా జాగ్రత్త. త్వరగా తగ్గాలని ఎవరైనా స్టెరాయిడ్ మాత్రలో ఇంజెక్షనో ఇస్తానంటే సోరియాసిస్ ఉన్నవాళ్లు ఒప్పుకోవద్దు. వారంలో మాయమైనట్టే ఉంటుంది. ఆపగానే రెట్టింపై, ఒక్కోసారి ఒళ్లంతా చీముపొక్కులతో తిరగబడుతుంది. బీపీకి వాడే కొన్ని మాత్రలు, గొంతు ఇన్ఫెక్షన్ కూడా దీన్ని రేపుతాయి కాబట్టి వాడుతున్న మందులన్నీ డాక్టరుకు చెప్పండి.

తామర అనిపిస్తే: పరీక్ష ఎలా జరుగుతుంది

పిల్లాడిని బామ్మ ఒళ్లో కూర్చోబెట్టి, మచ్చ అంచున మొద్దు బ్లేడుతో కాస్త పొట్టు గీకాను. తర్వాత ట్వీజర్‌తో ఐదారు విరిగిన మొదళ్లు తీశాను. ఏడుస్తాడనుకున్న పిల్లాడు అటూ ఇటూ చూస్తూ కూర్చున్నాడు. అవి గట్టిగా నాటుకుని లేవు మరి. గాజు పలక మీద వాటిని పెట్టి, పొటాషియం హైడ్రాక్సైడ్ ద్రావణం ఒక చుక్క వేసి, పైన పలుచటి గాజు మూసి, కాస్త వెచ్చజేశాను. ఆ ద్రావణం కెరాటిన్‌ను కరిగించి వెంట్రుకను పారదర్శకం చేస్తుంది. అరగంట తర్వాత మైక్రోస్కోపు కింద చూస్తే ఒక్కో వెంట్రుక గొట్టంలో సగ్గుబియ్యం కుక్కినట్టు గుండ్రటి ఫంగస్ బీజాలు కిక్కిరిసి ఉన్నాయి. చుట్టూ ఉన్న పొట్టులో పెద్దగా ఏమీ లేదు. పొట్టు ఒక్కటే గీకి పంపి ఉంటే ఆ స్లైడు ఖాళీగా వచ్చేదేమో.

ఈ పరీక్షకు రెండు పరిమితులున్నాయి. యాంటీఫంగల్ క్రీమ్ రాసి వస్తే ఫంగస్ ఉన్నా కనిపించకపోవచ్చు, నూనె రాసి వస్తే నూనె బొట్లు బీజాల్లా కనిపించి తికమక పెడతాయి. అందుకే నెగటివ్ వచ్చినంత మాత్రాన తామర లేదని కాదు, ఫంగస్‌ను ల్యాబ్‌లో పెంచి చూసే కల్చర్ పరీక్షకు కూడా పంపాలి. దాని ఫలితానికి మూడు నాలుగు వారాలు పడుతుంది. లక్షణాలు గట్టిగా ఉంటే డాక్టర్లు అందాకా ఆగకుండా మందు మొదలుపెడతారు. చీకటి గదిలో అతినీలలోహిత కాంతినిచ్చే వుడ్స్ ల్యాంప్ వేసి చూసే పద్ధతి ఉంది గానీ, మన దగ్గర ఎక్కువగా కనిపించే ట్రైకోఫైటన్ రకం ఆ వెలుతురులో మెరవదు. మెరవలేదని కొట్టిపారేయకూడదు.

మందు: పైన రాస్తే చాలదు

తల తామరకు క్రీములు చాలవు. ఫంగస్ వెంట్రుక లోపల కుదురులో ఉంటే క్రీము అక్కడి దాకా దిగదు. నోటి మందే కావాలి. గ్రీసియోఫుల్విన్ అయితే కనీసం ఆరు నుంచి ఎనిమిది వారాలు, టెర్బినాఫిన్ అయితే సాధారణంగా నాలుగు వారాలు. మోతాదు పిల్లల బరువును బట్టి డాక్టరు లెక్కగడతారు, పక్కింటి పిల్లాడి చీటీ చూసి కొనొద్దు. గ్రీసియోఫుల్విన్ కొవ్వు పదార్థంతో కలిస్తేనే ఒంటికి బాగా పడుతుంది. నెయ్యన్నం తిన్నాకో, మీగడ పాలతోనో వేయండి.

దీనితోపాటు కీటోకొనజోల్ షాంపూను పిల్లాడికీ, ఇంట్లో అందరికీ వారానికి రెండుసార్లు పెట్టాలి. అది జబ్బును నయం చేయదు, పైన ఉన్న బీజాలు ఇతరులకు అంటకుండా తగ్గిస్తుంది. పాత దువ్వెనలు పారేయండి. దిండు గలీబులు, తువ్వాళ్లు వేడినీళ్లలో ఉతకండి. మందు మొదలయ్యాక బడి మానిపించనక్కర్లేదు.

మందు మొదలుపెట్టిన కొత్తల్లో చెవుల మీద, ఒంటి మీద సన్నని దురద పొక్కులు రావచ్చు. చాలామంది మందు పడలేదనుకుని ఆపేస్తారు. చాలాసార్లు అది ఫంగస్‌కు ఒళ్లు చూపే ప్రతిస్పందన మాత్రమే. ఆపకుండా డాక్టరుకు చూపించి అడగండి.

ఇక ఆ ట్యూబ్ సంగతి. బామ్మ సంచిలోంచి తీసి చూపించింది. యాంటీఫంగల్, యాంటీబయోటిక్, గాఢమైన స్టెరాయిడ్ మూడూ కలిపిన క్రీము, చీటీ లేకుండా ఇచ్చారు. స్టెరాయిడ్ ఎరుపునూ దురదనూ అణిచేసి తగ్గిన భ్రమ కలిగిస్తుంది. అడ్డుకునే శక్తి తగ్గిన చర్మంలో ఫంగస్ హాయిగా పాకుతుంది. రాస్తే తగ్గి, మానితే పెరిగే మచ్చకు కారణం చాలాసార్లు ఇదే. ట్యూబ్ మీద క్లోబెటసాల్, బెక్లోమెటసోన్, బీటామెథసోన్ అన్న పేర్లు కనిపిస్తే స్టెరాయిడ్ ఉన్నట్టు.

ఆలస్యం చేయకూడని పరిస్థితి

మచ్చ ఉబ్బి, మెత్తగా, నొక్కితే చీము కారుతూ, జ్వరం వస్తే అది కీరియన్ అనే తీవ్రమైన తామర. చూడటానికి సెగగడ్డలా ఉంటుంది, అందుకే కోయించాలని తొందరపడతారు. కోయొద్దు, పిండొద్దు. దానికి కావాల్సింది నోటితో తీసుకునే ఫంగస్ మందే. ఆలస్యమైతే కుదుళ్లు చచ్చి అక్కడ మచ్చ కడుతుంది, ఆ మేర జుట్టు మళ్లీ రాదు.

ఆ పిల్లాడికి కూడా మచ్చలో ఒక మూల ఉబ్బు మొదలైంది. మందు వాడాక రెండు నెలలకు మళ్లీ స్లైడు చూడటానికి వచ్చారు. ఈసారి తీసిన వెంట్రుకలు గట్టిగా నాటుకుని ఉన్నాయి, పిల్లాడు కెవ్వుమన్నాడు. స్లైడులో బీజాలు లేవు. అతని చెల్లికి మెడ దగ్గర చిన్న మచ్చ ఉందని మొదటిసారి వచ్చినప్పుడే తేలింది కాబట్టి ఆ పాపకు కూడా అప్పుడే మందు మొదలైంది, జుట్టు ఊడకముందే తగ్గింది. పిల్లాడి తల మీద జుట్టు నిండుగా వచ్చింది. ఆ ఉబ్బిన మూల మాత్రం చింతగింజంత ఖాళీ అలాగే ఉంది.